పట్టమా, పట్టాణియా? అక్షరం తెలియనప్పుడు ఏమని టైపు చేయాలి

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాము. ఇంట్లో తెలుగు, బడిలో అమ్మాయికి తమిళం. ఏడో తరగతి. వాళ్ళ తమిళ అయ్యగారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటి దగ్గర ఉన్నారు. పిల్లలు రాసిన కట్టురైని, అంటే వ్యాసాన్ని, ఫోటో తీసి, దానితో పాటు పెద్ద అక్షరాలలో టైపు చేసి పంపమన్నారు. నేను తమిళం చదవగలను గాని పట్టు తక్కువ. రాత తెలియనిచోట సందర్భాన్ని బట్టి ఊహించి టైపు చేశాను. మెరీనా గురించి రాసిన కట్టురైకి ఆయన "పట్టాణి అమ్మే అతని గురించి ఇంకో రెండు వాక్యాలు రాయి" అని జవాబిచ్చారు. అమ్మాయి ఏడ్చింది. నేను టైపు చేసింది పట్టాణి, అంటే బటానీ. తను రాసింది పట్టం, అంటే గాలిపటం. తెలియని మాటను వదిలేస్తే నా నిర్లక్ష్యం అనుకుంటారేమో. ఏం చేయాలి? ఆ పేజీ ఫోటో, నేను టైపు చేసిన ప్రతి జత చేశాను. (ఒక తల్లి, పెరంబూరు)

సమాధానం:

అమ్మా, మీరు పంపిన ఫోటో చాలాసేపు చూశాను. మూడో వరుసలో "పట్ట" వరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత నోటుబుక్కు మధ్య కుట్టు వైపు కాగితం వంగింది. ఆ నీడలో కనిపించేది ఒక నిలువు గీత మాత్రమే. తమిళంలో "మ" నిలువు గీతతోనే మొదలవుతుంది, దీర్ఘానికి పెట్టే కాలు కూడా నిలువు గీతే. కాబట్టి పట్టం కావచ్చు, పట్టాణి కావచ్చు. మెరీనా అనగానే ఎవరికైనా అక్కడ అమ్మే తేంగాయ్ మాంగాయ్ పట్టాణి సుండలే గుర్తుకు వస్తుంది. మీకూ అదే వచ్చింది. మీరు తెలివితక్కువగా ఊహించారని ఎవరూ అనలేరు. చిక్కల్లా ఊహ మరీ నమ్మేలా ఉండడమే. వాక్యంలో అంత చక్కగా అతికిన మాటను అయ్యగారు అనుమానించడానికి ఏ కారణమూ లేకపోయింది.

మీ చేతిలో ఉన్న పని పేరు చిన్నదే గాని ఎవరి కోసం చేస్తున్నామన్నది ముఖ్యం. పెళ్ళి పత్రిక టైపు చేసేటప్పుడు తప్పులు దిద్దాలి. పిల్ల రాసిన కట్టురై టైపు చేసేటప్పుడు దిద్దకూడదు. ఎందుకంటే అయ్యగారు చూడాలనుకునేది మెరీనాను కాదు, మీ అమ్మాయి ఏ అక్షరం దగ్గర తడబడుతోందో దాన్ని. మీరు ఊహించి పెట్టిన ప్రతి మాట దగ్గర ఆయన మీ తమిళాన్ని దిద్దుతున్నారు, అమ్మాయి తమిళాన్ని కాదు.

నేను చెన్నైలో చాలా ఏళ్ళు తమిళ, తెలుగు చేతిరాతలను చదివి టైపు చేసే పని చేశాను. ఒకసారి ఒక కుటుంబం వాళ్ళ తండ్రి రాసిన పాత ఉత్తరాలను పుస్తకంగా వేసుకోవాలని ఇచ్చారు. ఒక ఉత్తరంలో "ఊరిల్ పని అదిగం" అని నాకు కనిపించింది. మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. తమిళంలో రెండు సుడుల "న"తో రాసిన పని అంటే మంచు. మూడు సుడుల "ణ"తో రాసిన పణి అంటే మన పని. ఆ అక్షరంలో సుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. తెలుగు చెవితో చదివి పొరబడకూడదని జాగ్రత్త పడ్డాను. ఉత్తరం మీద తేదీ డిసెంబరు. అది కూడా చూసుకుని, ఊరిలో మంచు ఎక్కువగా ఉందన్న అర్థంలో రెండు సుడుల అక్షరమే టైపు చేశాను. పుస్తకం అచ్చయిన తర్వాత ఆయన కూతురు వచ్చారు. "నాన్న ఎప్పుడూ ఉత్తరాలలో వాతావరణం గురించి రాయలేదండీ. పండుగకు రాలేకపోతున్నానని, పని ఎక్కువగా ఉందని చెబుతున్నారు. మేము ఆ ఏడాది ఆయన కోసం ఎదురుచూశాము" అన్నారు. ఒక్క సుడి. ఆ అక్షరం పక్కన ఆ రోజు ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంటే ఆమె అచ్చుకు ముందే చూసి చెప్పేవారు. అప్పటినుంచి తెలియని అక్షరాన్ని తెలిసినట్టు టైపు చేయలేదు.

తమిళం చదివే తెలుగువాళ్ళకు ఎక్కడెక్కడ కాలు జారుతుందో ముందే తెలిస్తే మీ పని సగం తగ్గుతుంది. అన్నీ చెప్పను, మీ అమ్మాయి పేజీలో కనిపించినవి మాత్రం చెబుతాను.

మొదటిది "న". మనకు న, ణ రెండే. తమిళంలో మూడు అక్షరాలు. వాటిలో రెండు చూడడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. బడిలో పిల్లలు వాటిని రెండు సుళి న, మూడు సుళి ణ అని పిలుస్తారు. సుళి అంటే సుడి. వేగంగా రాస్తే మూడో సుడి రెండో దానిలో మునిగిపోతుంది. ఇసుకను తమిళంలో మణల్ అంటారు, దానికి మూడు సుడులు కావాలి. చాలామంది పిల్లలు రెండు సుడులతో రాస్తారు. అయ్యగారు వెతికేది సరిగ్గా ఇలాంటి తప్పునే.

రెండోది "ర". చిన్న ర ఒకటి, పెద్ద ఱ ఒకటి. మన బండి ఱ వాడుకలోంచి పోయింది గాని తమిళంలో దాని జోడీ ఇంకా బతికే ఉంది. కరై అని చిన్న ర పెడితే ఒడ్డు. కఱై అని పెద్ద ఱ పెడితే మరక. సముద్రపు ఒడ్డుకు తమిళ మాట కడఱ్కరై. ఒకే మాటలో ముందు పెద్దది, తర్వాత చిన్నది. పిల్లలను తికమక పెట్టడానికే పుట్టినట్టుంటుంది ఆ మాట. పైగా చేతిరాతలో చిన్న ర, దీర్ఘపు కాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఏదైనా మాట పొసగకపోతే, "ఇది దీర్ఘమా, ర అక్షరమా" అని ఒకసారి చూసుకోండి.

మూడోది పుళ్ళి, అంటే అక్షరం నెత్తిన పెట్టే చుక్క. చుక్క ఉంటే మన పొల్లు, లేకపోతే అకారం. అంత చిన్న గుర్తు మీద అంత బరువు ఉంది. పూర్వం తాటాకు మీద గంటంతో రాసేవాళ్ళు చుక్క పెడితే ఆకు చిల్లు పడుతుందని సాధారణంగా పుళ్ళి పెట్టేవారు కాదు. హ్రస్వ ఎకారానికీ దీర్ఘ ఏకారానికీ తేడా చూపే సుడి కూడా ఆ ఆకుల మీద ఉండేది కాదు. ఆ సుడిని 18వ శతాబ్దంలో వీరమామునివర్ తెచ్చారని చెబుతారు. ఆయన అసలు పేరు బెస్కీ, ఇటలీ నుంచి వచ్చిన పాద్రీ. ఉ.వే. సామినాథ అయ్యర్ (1855–1942) అలాంటి ఆకులను ఊరూరా తిరిగి సేకరించి అచ్చు వేసినప్పుడు, ప్రతికీ ప్రతికీ పాఠం తేడాగా ఉన్నచోట ఆ తేడాలను పేజీ అడుగున పిరదిబేదం అని చూపేవారు. మనం పాఠాంతరం అంటామే, అదే. అంత తమిళం వచ్చిన పండితుడే రెండు పాఠాలనూ పాఠకుడి ముందు పెట్టినప్పుడు, మీరు ఒక ప్రశ్నార్థకం పెడితే నిర్లక్ష్యం అని అయ్యగారు ఎందుకు అనుకుంటారు? తమిళం చెప్పేవారికి ఆ అలవాటు కొత్త కాదు.

ఇక ఫోటో సంగతి. మీ సందేహాలలో చాలావరకు రాతలోంచి పుట్టలేదు, ఫోటోలోంచి పుట్టాయి. మీ చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే అక్షరాల గీతలు మెత్తగా చెదిరిపోయి ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది చిత్రాన్ని కుదిస్తుంది. కుదించినప్పుడు మొదట పోయేవి చిన్న చుక్కలు, చిన్న సుడులు. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా జత చేసి పంపితే అసలు ఫైలు అలాగే వెళుతుంది. ఇంకొక సంగతి, ఈ ఫోటోను స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు చేసినట్టున్నారు. తెల్లగా ముచ్చటగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ యాప్ ప్రతి చోటును నలుపా తెలుపా అని తేల్చేస్తుంది. లేత రంగులో ఉన్న పుళ్ళిని తెలుపులో కలిపేస్తుంది. వెనక పేజీలోంచి కనిపించే సిరా మచ్చను నల్లని చుక్క చేస్తుంది. లేని పుళ్ళి పుడుతుంది, ఉన్న పుళ్ళి పోతుంది. కాబట్టి రంగుల ఫోటోనే ఉంచండి.

పగటిపూట కిటికీ పక్కన, వెలుగు ఒక పక్కనుంచి పడేలా నోటుబుక్కు పెట్టండి. ఫ్లాష్ వద్దు, బాల్‌పెన్ గీతల మీద మెరుపు వస్తుంది. కుట్టు దగ్గర వంగే వైపును వేలితో కాకుండా ఒక స్కేలుతో అదిమి పట్టమని అమ్మాయికి చెప్పండి. ఫోను కాగితానికి సరిగ్గా పైన ఉండాలి, ఏటవాలుగా కాదు. పేజీ మొత్తం ఒకే ఫోటోలో పట్టించకుండా పై సగం ఒకటి, కింది సగం ఒకటి తీయండి. తీశాక ఒక పరీక్ష ఉంది. ఎక్కడైనా స్పష్టంగా రాసిన మూడు సుడుల ణ మీద పెద్దది చేసి చూడండి. సుడులు లెక్కపెట్టగలిగితే ఫోటో పనికి వస్తుంది. లెక్కకు రాకపోతే మళ్ళీ తీయాలి. ఆ ఫోటోను ముందు పెట్టుకుని ఎంత బుర్ర చించుకున్నా ఊహలే వస్తాయి.

పుళ్ళి దగ్గర సందేహం మిగిలితే అసలు కాగితం మీ ఇంట్లోనే ఉందని మరచిపోవద్దు. పేజీని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే పెన్ను మొన దిగిన చోట చిన్న గుంట కనిపిస్తుంది. పేజీ తిప్పి చూస్తే వెనక చిన్న బొడిపె చేతికి తగులుతుంది. వెనక సిరా మచ్చ అయితే ఆ గుంట ఉండదు. ఇది ఫోటో చెప్పలేని సాక్ష్యం.

ఇప్పుడు మీ పేజీలోని మొదటి మూడు వరుసలను నేనైతే ఎలా టైపు చేసేవాడినో చూపిస్తాను. మీరు తమిళ లిపిలో చేస్తారు, ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను. పెద్ద ఱ ఉన్నచోట బండి ఱ పెట్టాను.

1. నేఱ్ఱు మెరీనా కడఱ్కఱైక్కు (ఇలాగే ఉంది) పోనోం.
2. [మణలిల్? మనలిల్?] ఓడి విళైయాడినోం.
3. అమ్మా ఎనక్కు పట్ట[..] వాంగిక్ కొడుత్తార్.

మొదటి వరుసలో నాకు సందేహం లేదు. అమ్మాయి కడఱ్కరై అని రాయాల్సిన చోట రెండోసారీ పెద్ద ఱ పెట్టి కడఱ్కఱై అని రాసింది. ఒడ్డు కాస్తా మరక అయింది. అది స్పష్టంగా కనిపిస్తున్న తప్పు. స్పష్టంగా ఉన్నది తప్పయినా ఒప్పయినా అలాగే టైపు చేయాలి. మీరు పంపిన టైపు ప్రతిలో మాత్రం చిన్న ర ఉంది. మీకు తెలియకుండానే దిద్దేశారు. "ఇలాగే ఉంది" అని పక్కన రాయడం ఎందుకంటే, అది మీ వేలు జారి పడిన తప్పు కాదని అయ్యగారికి తెలియాలి. అదే వరుసలో "కడఱ్కఱైక్కు" తర్వాత "పోనోం" ముందు ఒక "ప్" రావాలి, కడఱ్కరైక్కుప్ పోనోం అని. క్కు తర్వాత క, చ, త, ప మొదలైన మాట వస్తే ఆ హల్లు ముందు మాట చివర కూడా చేరుతుంది. అది లేకపోతే ఒఱ్ఱుప్పిళై అని మార్కులు తగ్గిస్తారు. అమ్మాయి అది రాయలేదు. మూడో వరుసలో "ఎనక్కు" తర్వాత కూడా రాయలేదు. అయితే అదే వరుసలో "వాంగిక్" దగ్గర రాసింది! ఈ మూడింటినీ అలాగే ఉంచితే ఆయన ఒక్క చూపులో పట్టుకుంటారు. ఈ పిల్లకు చదివి విన్న మాటల దగ్గర చెవి పనిచేస్తోంది, సూత్రం ఇంకా ఎక్కలేదు అని. మీరు ఆ రెండు చోట్లా చేర్చి పంపితే ఆ పాఠం చెప్పాల్సిన అవసరమే ఆయనకు కనపడదు.

రెండో వరుసలో అక్షరం ఉంది, కానీ రెండు సుడులో మూడో తేలదు. ఇక్కడ రెండు రూపాలూ చదరపు బ్రాకెట్లలో పెట్టి చెరొక ప్రశ్నార్థకం చేర్చాలి. సరైన రూపం ఒక్కటే రాసి పక్కన ప్రశ్నార్థకం పెడితే చాలదు. అలా చేస్తే చదివేవారు సరైన రూపం వైపే మొగ్గుతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అమ్మాయి మిగతా పేజీలో ణ ఎలా రాస్తుందో పోల్చి చూడవచ్చు, చూడాలి కూడా. ఆమె సుడులను ఎడమనుంచి ఎంత దగ్గరగా చుడుతుందో తెలిస్తే ఈ అక్షరంలో మూడో సుడి ఉందో లేదో కొంత తేలుతుంది. అది సాక్ష్యం. కానీ "కింద ఆరో వరుసలో మణల్ అని సరిగ్గా రాసింది కాబట్టి ఇక్కడా అదే అయి ఉంటుంది" అంటే అది సాక్ష్యం కాదు, మళ్ళీ ఊహే. పిల్లలు ఒకే పేజీలో ఒకే మాటను రెండు రకాలుగా రాస్తారు. అక్షరం ఆకారాన్ని పోల్చండి, మాటను పోల్చకండి.

మూడో వరుసలో అక్షరమే కనపడదు. చదరపు బ్రాకెట్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క పెట్టాను. చుక్కలు ఎన్ని పెట్టాలో కూడా ఊహ కాదు. మడతలో పోయిన చోటు వెడల్పును పైవరుసలోని అక్షరాలతో కొలిచాను. ఒకటి గాని రెండు గాని పడతాయి. పట్టం అయితే ఒక్క అక్షరం చాలు. పట్టాణికి కాలు, ఆ తర్వాత మూడు సుడుల వెడల్పాటి ణి కావాలి, కాస్త ఇరుకవుతుంది. అయినా తేల్చి చెప్పలేను. అందుకే కింద ఇలా ఒక వాక్యం చేరుస్తాను: "3వ వరుస: పట్ట తర్వాత కాగితం మడత. ఒకటి లేదా రెండు అక్షరాలు. పట్టం, పట్టాణి రెండూ పొసగుతాయి." ఆ వరుస వరకు ఫోటోను కత్తిరించి, "వరుస 3" అని పేరు పెట్టి జత చేయండి. అయ్యగారు పేజీ అంతా వెతకకుండా ఆ ఒక్క ముక్కనే పెద్దది చేసుకుని చూస్తారు. ఆపరేషన్ అయిన కళ్ళకు అది పెద్ద సాయం.

ఈ ముక్క కోసమే మీ టైపు ప్రతిలో ఆమె నోటుబుక్కులోని వరుసలను అలాగే ఉంచాలి. ఆమె ఎక్కడ వరుస ముగించిందో మీరూ అక్కడే ముగించి, ముందు అంకె వేయండి. పేరాలుగా కలిపేస్తే ఏ మాట ఏ ఫోటోలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొట్టివేసిన మాటలను కూడా వదలకండి. ఐదో వరుసలో ఆమె "అలై" అని రాసి, కొట్టేసి, మళ్ళీ "అలైగళ్" అని రాసింది. ఒక అల కాదు, అలలు అని తనే దిద్దుకుంది. "కొట్టివేత: అలై" అని అడుగున రాస్తే అయ్యగారికి సంతోషంగా ఉంటుంది.

మరీ ఎక్కువగా గుర్తులు పెడితే కట్టురై చదవడానికి వీలుకాదు కదా అంటారేమో. నేను పెట్టుకున్న లెక్క ఇది. వరుసకు ఒక సందేహం కంటే ఎక్కువ వస్తుంటే టైపు చేయడం ఆపి ఫోటో మళ్ళీ తీస్తాను. మీ పేజీలో ఇరవై రెండు వరుసలకు నాకు సందేహం వచ్చిన చోట్లు నాలుగే. అది ఏ మాత్రం ఎక్కువ కాదు.

మీరు గమనించని మనిషి ఒకరు మీ పక్కన కూర్చుని దిద్దుతున్నారు, మీ ఫోను కీబోర్డు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తమిళం వచ్చే కీబోర్డు అయితే, అది నిఘంటువులో ఉన్న సరైన రూపాన్నే ముందు పెడుతుంది. మీరు కఱై అని కొట్టాలనుకున్నా కరై వచ్చి కూర్చుంటుంది. కడఱ్కరై మీ ప్రతిలో సరిగ్గా ఉండడానికి కారణం బహుశా ఇదే. సెట్టింగులలో తప్పులు దిద్దే సదుపాయాన్ని ఆపేయండి, తమిళ అక్షరాలే ఉన్న కీబోర్డు వాడండి. తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆమోదించిన తమిళ్99 కీబోర్డు చాలా ఫోన్లలో దొరుకుతుంది, ఒక వారంలో చేతికి వస్తుంది. దానిలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒకే హల్లును రెండుసార్లు కొడితే మొదటిదానికి అదే పుళ్ళి పెట్టేస్తుంది. మామూలు రాతకు అది వరం. కానీ అమ్మాయి "అమ్మా" అనే మాటలో పుళ్ళి మరచిపోయి రాస్తే, మీరు ఎంత నిజాయితీగా కొట్టినా కీబోర్డు ఆ చుక్క పెట్టేస్తుంది. అలాంటి చోట మొదటి హల్లు కొట్టగానే "అ" మీట నొక్కి, తర్వాత రెండోది కొట్టండి. అప్పుడు పుళ్ళి పడదు. టైపు చేసిన తర్వాత తెర మీద కాకుండా నోటుబుక్కు పక్కన పెట్టుకుని, ప్రతి వరుసను చివరినుంచి మొదటికి ఒక్కొక్క మాటగా సరిచూడండి. వెనకనుంచి చదివితే వాక్యం అర్థం మనల్ని లాక్కుపోదు, అక్షరం కనిపిస్తుంది.

అమ్మాయి ఇంట్లోనే ఉంది కదా, ఆమెనే అడిగితే పోలేదా అని మీకు అనిపించి ఉంటుంది. అడగండి, కానీ అన్నీ టైపు చేసిన తర్వాత అడగండి. "ఇది పట్టమా, పట్టాణియా" అని అడగకండి. "ఈ వరుస చదువు" అని నోటుబుక్కు చేతికివ్వండి. ఆమె పట్టం అని చదివితే అడుగున "అమ్మాయి చదివినది: పట్టం" అని విడిగా రాయండి. పైన బ్రాకెట్లలోని చుక్కలను మాత్రం చెరపకండి. కాగితం మీద ఉన్నది ఒకటి, ఆమె చెప్పింది మరొకటి. ఏ మాట రాసిందో అడిగినప్పుడు ఆమె జవాబు నమ్మదగినదే. ఏ అక్షరం రాసిందో అడిగినప్పుడు కాదు. మణల్ అన్న మాటను ఏ ణతో రాశావు అంటే, మీ ముఖం చూసి సరైనదే చెబుతుంది. పిల్లలు తాము రాసింది చదవరు, రాయాలనుకున్నది చదువుతారు. మనమూ అంతే.

అయ్యగారికి రాసే సందేశం పొడవుగా ఉండనక్కరలేదు. టైపు ప్రతి పైన ఒక్క వరుస చాలు: "ఐయా, అడైప్పుక్కుఱియిల్ ఉళ్ళదు ఎనక్కుత్ తెళివాగత్ తెరియవిల్లై." బ్రాకెట్లలో ఉన్నది నాకు స్పష్టంగా తెలియలేదు అని అర్థం. ఆ "ఎనక్కు" ముఖ్యం. తెలియనిది మీకు, ఆయనకు తెలియవచ్చు. ముప్ఫై మంది పిల్లల రాత చూసే మనిషికి మనం చదవలేని సుడి ఇట్టే చదవడం వస్తుంది.

పాత కట్టురై విషయం అలా వదిలేయకండి. ఆదివారం పగలు వెలుగులో ఆ పేజీని మళ్ళీ ఫోటో తీసి, ఒకటి, మూడు వరుసలను కత్తిరించి పంపండి. "3వ వరుసలో పట్టాణి అని నేను ఊహించి టైపు చేశాను, అమ్మాయి రాసింది పట్టం అంటోంది. 1వ వరుసలో కఱై అని ఉన్నదాన్ని కరై అని మార్చాను" అని రాయండి. ఆ సందేశం పంపేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. తర్వాత అయ్యగారు అడిగిన రెండు వాక్యాలు ఆమె గాలిపటం గురించి రాయవచ్చు.